అడక్కుండానే జీతంలోంచి 3% కోశారు. మౌనం అర్ధాంగీకారమా?

ఇర్వింగ్_కుర్రాడు
టెక్సాస్‌లో కొత్త కంపెనీలో చేరి ఐదు వారాలైంది. మొదటి పేస్లిప్ బాగానే ఉంది. రెండోది చూస్తే 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ప్లాన్ పేరుతో 103.85 డాలర్లు పోయాయి. నేను ఏ ఫారమూ నింపలేదు, ఎక్కడా సంతకం పెట్టలేదు. హెచ్‌ఆర్‌లో అడిగితే "నువ్వు వద్దని చెప్పలేదుగా, అందుకే చేర్చేశాం. మొదటి కోత పడ్డ 90 రోజుల్లోపు వద్దంటే వెనక్కి ఇస్తాం" అని చల్లగా చెప్పింది. వద్దనకపోతే కావాలన్నట్టేనా? హెచ్1బి మీద ఉన్నాను, ఎన్నాళ్లుంటానో తెలియదు. ఇంటి దగ్గర చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. అసలు ఇలా కోయడం చట్టం ఒప్పుకుంటుందా?

గుంటూరు_మిర్చి
ఇది పచ్చి దోపిడీ. ఆ డబ్బు కంపెనీ వాడుకుంటుంది. లాయర్‌తో ఒక లెటర్ కొట్టించు బ్రో.

నెవార్క్_రవి
మిర్చి గారూ, కంపెనీ దాన్ని ముట్టుకోలేదు. ట్రస్టులో అతని పేరు మీదే ఉంటుంది. నేను ఈ ప్లాన్ల అకౌంట్లు చూసే సంస్థలోనే పదకొండేళ్లుగా పని చేస్తున్నాను.

చట్టం సంగతి. రాతపూర్వక అనుమతి లేకుండా జీతం కోయకూడదని చాలా రాష్ట్రాల్లో నిజంగానే చట్టాలున్నాయి, కాబట్టి కుర్రాడి అనుమానం తప్పేం కాదు. ఒకప్పుడు కంపెనీలు ఆ భయంతోనే వెనకాడేవి. 2006లో వచ్చిన పెన్షన్ ప్రొటెక్షన్ యాక్ట్ ఆ అడ్డు తీసేసింది. ముందుగా నోటీసు ఇచ్చి, వద్దనే దారి తెరిచి ఉంచితే చాలు, ఆటోమేటిక్‌గా చేర్చుకోవచ్చు. 2022 డిసెంబర్ 29 తర్వాత పెట్టిన ప్లాన్లకైతే 2025 నుంచి ఇలా చేర్చడం తప్పనిసరి. మరీ చిన్న కంపెనీలకూ, కొత్తగా పుట్టినవాటికీ మినహాయింపు ఉంది. తప్పనిసరి అన్నది కంపెనీకే, ఉద్యోగికి కాదు. నువ్వు ఈ రాత్రే లాగిన్ అయి సున్నా పెట్టేసుకోవచ్చు.

చేరిన రోజు వచ్చిన మెయిల్స్‌లో ఒక పీడీఎఫ్ ఉంటుంది, వెతుకు.

ఇర్వింగ్_కుర్రాడు
ఉంది. 14 పేజీలు. ఇన్సూరెన్స్ పీడీఎఫ్‌కీ పార్కింగ్ పాస్‌కీ మధ్యలో పడి ఉంది. తెరవలేదు.

కాకినాడ_కాజా
తెరిచినవాడెవడైనా ఉంటే వాడికి సన్మానం చేద్దాం.

ఎడిసన్_అత్తయ్య
బంతి భోజనంలో కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ "పప్పు కావాలా" అని అడుగుతూ పోరు కదా. వేసుకుంటూ పోతారు. వద్దనుకున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. అంతే సంగతి. నీ చెయ్యి నీ దగ్గరే ఉంది నాయనా.

పేరోల్_పద్మజ
ఇందులో కొత్తేముంది? హైదరాబాద్‌లో మాకు పీఎఫ్ కూడా ఎవరూ అడగరు, 12% పోతుంది. దానికి అమెరికా వాళ్లు ఏదో పెద్ద పేరు పెట్టారు.

నెవార్క్_రవి
పద్మజ గారూ, పీఎఫ్ వేరు. చట్టం వర్తించే కంపెనీలో జీతం 15,000 లోపు అయితే వద్దనే వీలే లేదు. ఒకసారి సభ్యుడయ్యాక ఉద్యోగంలో ఉండగా బయటికి రావడం కుదరదు. అత్తయ్య గారి లెక్కలో చెప్పాలంటే అది చెయ్యి అడ్డం పెట్టినా వేసేసే వడ్డన. 401కె అలా కాదు. ఫారం నింపితేనే చేరే పద్ధతిలోనూ, ఫారం నింపితేనే బయటికొచ్చే పద్ధతిలోనూ ఉద్యోగికి అవే దారులు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడు ఎటు వెళ్తాడన్నదే తేడా.

తిక్క_శంకరం
ఆ "ఏమీ చేయనివాడు" అనే మాట దగ్గరే ఆగండి. రెండు క్లిక్కుల పనే అయితే కావాల్సినవాడు రెండు క్లిక్కులు కొట్టి చేరతాడు. చేరలేదంటే వద్దనే కదా. వాడి తరఫున మీరు నిర్ణయించడానికి మీరెవరు?

నెవార్క్_రవి
వద్దనుకునే చేరలేదా అన్నది తేల్చడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ 1998 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా చేరేవాళ్లని ఆటోమేటిక్‌గా 3%తో చేర్చడం మొదలుపెట్టింది. ప్లాన్‌లో డబ్బు లెక్కలేవీ మార్చలేదు. కంపెనీ కలిపే డబ్బు మారలేదు, ఫండ్లు మారలేదు. మాడ్రియన్, షే అనే ఇద్దరు పరిశోధకులు ఆ రికార్డులు తీసుకుని 2001లో పేపర్ రాశారు. మార్పుకు ముందు ఏడాదిలో చేరినవాళ్లలో సుమారు 49% మంది ప్లాన్‌లో ఉన్నారు. తర్వాత చేరినవాళ్లలో 86%.

శంకరం గారు చెప్పినట్టు బయట ఉన్నవాళ్లంతా ఆలోచించి వద్దనుకున్నవాళ్లే అయితే, 1998 తర్వాత కూడా దాదాపు సగం మంది ఆ రెండు క్లిక్కులు కొట్టి బయటికి వచ్చేయాలి. రాలేదు. అంటే అందులో చాలామందికి వద్దనే నిర్ణయం లేదు. ఏ నిర్ణయమూ లేదు.

తిక్క_శంకరం
ఆ లెక్క నాకే పనికొస్తుంది. చేర్చాక ఉండిపోయినవాళ్లకీ ఏ నిర్ణయమూ లేదన్నమాటే. ముందు బద్ధకం వల్ల బయట ఉన్నారు, ఇప్పుడు అదే బద్ధకం వల్ల లోపల ఉన్నారు. దాన్ని "స్వేచ్ఛగా ఎంచుకున్నారు" అని మాత్రం అనకండి.

కాకినాడ_కాజా
శంకరం అన్న చెప్పిందాంట్లో మొదటిసారి నాకు అర్థమైన వాక్యం.

నెవార్క్_రవి
అది ఒప్పుకుంటాను. ఆ పేపర్లోనే మీ వాదనకి ఇంకా గట్టి ఆధారం ఉంది. ఆ కంపెనీ ఉద్యోగి వేసే మొదటి 6% దాకా సగం కలిపేది. అందుకే పాత పద్ధతిలో తమంతట తాము చేరినవాళ్లలో చాలామంది 6% పెట్టుకున్నారు, 3% ఎంచుకున్నవాళ్లు తక్కువ. కొత్త పద్ధతిలో చేరినవాళ్లలో ఎక్కువమంది 3% దగ్గరే ఆగిపోయారు. ఎవరూ అడగకపోయినా 6% పెట్టుకుని ఉండేవాళ్లు కూడా కొందరు వడ్డించిన 3% తిని లేచిపోయారు. డబ్బు కూడా కంపెనీ డిఫాల్ట్‌గా పెట్టిన మనీ మార్కెట్ ఫండ్‌లోనే, పెద్దగా పెరగకుండా పడి ఉండిపోయింది.

అంటే ప్లాన్‌లో ఉన్నవాళ్ల సంఖ్య పెరిగింది గానీ కొందరి పొదుపు తగ్గింది. ఈ రెండో సగాన్ని చాలామంది చెప్పరు.

ఎడిసన్_అత్తయ్య
గరిటెడు వేస్తే గరిటెడు, రెండు వేస్తే రెండు. మారు అడగడానికి మొహమాటం.

ఇర్వింగ్_కుర్రాడు
ఒక్క నిమిషం. మా పీడీఎఫ్‌లోనూ అదే ఉంది, 6% దాకా సగం కలుపుతారట. నాకు పడింది 3%. అంటే నేనిప్పుడు నష్టపోతున్నానా లాభపడుతున్నానా?

నెవార్క్_రవి
నీ కోత 103.85, రెండు వారాలకోసారి జీతం. అంటే ఏడాదికి 90,000. లెక్క చూడు.

3% దగ్గర నువ్వు వేసేది ఏడాదికి 2,700, కంపెనీ కలిపేది 1,350. 6% పెడితే నీది 5,400, కంపెనీది 2,700. అంటే డిఫాల్ట్ దగ్గర ఊరుకుంటే కంపెనీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 1,350 డాలర్లు ఏటా వదిలేసుకున్నట్టు.

ఇక 103.85 పోయిందని బాధపడుతున్నావు గానీ నీ చేతికి తగ్గింది అంత కాదు. ఇది పన్నుకి ముందు తీసే డబ్బు. సింగిల్‌వి అయితే నీ చివరి డాలర్ 22% శ్లాబులో ఉంటుంది, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాబట్టి తగ్గింది 81 డాలర్లు. 6% పెడితే ఇంకో 81 తగ్గుతుంది, దానికి బదులుగా నీ అకౌంట్లో అదనంగా నీది 104, కంపెనీది 52 పడతాయి.

గుంటూరు_మిర్చి
సరే లాయర్ వద్దు. ఆ డబ్బుతో టెస్లా కొనొచ్చా?

నెవార్క్_రవి
సాధారణంగా కుదరదు, ప్లాన్ ఇచ్చిన ఫండ్లలోంచే ఎంచుకోవాలి. ఏదీ ఎంచుకోకపోతే ఈ రోజుల్లో టార్గెట్ డేట్ ఫండ్‌లో వేస్తారు. రిటైరయ్యే ఏడాది దగ్గర పడేకొద్దీ షేర్లు తగ్గించుకుంటూ వెళ్తుంది. ఆ మనీ మార్కెట్ తప్పుని 2006 తర్వాత చాలావరకు అలా సర్దుకున్నారు.

పేరోల్_పద్మజ
పీఎఫ్ వేరన్నారు కదా, ఒక రకంగా ఒప్పుకుంటాను. కానీ మా దగ్గరా ఒక డిఫాల్ట్ ఉంది. బేసిక్ 15,000 దాటినవాళ్లకి మా కంపెనీలో రెండు ఆప్షన్లు: మొత్తం బేసిక్ మీద 12%, లేదా 15,000 మీద 12%, అంటే నెలకి 1,800. జాయినింగ్ పోర్టల్లో ఒకదానికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. మొదట్లో మొత్తం బేసిక్‌కి ఉండేది. సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఆ టిక్ 1,800కి వెళ్లిపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, కొత్త వెండర్ అలా ఇచ్చాడు. అప్పట్నుంచి చేరినవాళ్ల ఫైళ్లు తిరగేస్తే వరసగా 1,800, 1,800. అంతకుముందు బ్యాచ్‌లో అదే కాలేజీ పిల్లలు, అదే జీతం, మొత్తం బేసిక్ మీద కట్టేవాళ్లు. ఒక్కడూ వచ్చి "ఇదేంటి మేడం" అని అడగలేదు. ఇన్నాళ్లూ దీనికి ఒక పేరుందని తెలియదు.

కాకినాడ_కాజా
మొత్తం ఒక బ్యాచ్ వృద్ధాప్యాన్ని ఒక వెండర్ తేల్చేశాడు. శభాష్.

తిక్క_శంకరం
పద్మజ గారి పోస్టే నా కేసు. టిక్ ఎక్కడుండాలో ఎవడో ఒకడు తేలుస్తాడు, వాడికి తన లాభం ఉంటుంది. 3% ఎందుకు? కంపెనీకి తక్కువ కలిపితే సరిపోతుంది కాబట్టి.

నెవార్క్_రవి
కొంత నిజం. ఇంకో కారణం వింటే నవ్వొస్తుంది. 1998లో అమెరికా పన్నుల శాఖ ఇలా చేర్చడం తప్పు కాదని ఒక వివరణ ఇచ్చింది. అందులో ఉదాహరణకి రాసిన అంకె 3%. "ఇంతే పెట్టండి" అని వాళ్లు చెప్పలేదు. కానీ లాయర్లకి అదే సురక్షితంగా కనిపించింది, చాలా కంపెనీలు అక్కడే సెటిలయ్యాయి. 3% మీద ఎవరైనా రిటైరవగలరా అని లెక్కేసి పెట్టింది కాదు. పైన చెప్పిన, 2022 డిసెంబర్ 29 తర్వాతి ప్లాన్లు 3 నుంచి 10 మధ్య మొదలుపెట్టి, కనీసం 10% చేరేదాకా ఏటా ఒక్కో శాతం పెంచాలి.

లెస్టర్_లక్ష్మి
ఇక్కడ బ్రిటన్‌లో 2012 అక్టోబర్ నుంచి పెద్ద కంపెనీలతో మొదలుపెట్టి అందరికీ తెచ్చారు. 22 ఏళ్లు దాటి, ఏడాదికి 10,000 పౌండ్ల పైన వస్తే కంపెనీ పెన్షన్ స్కీమ్‌లో చేర్చాల్సిందే. మొదట్లో మొత్తం కలిపి 2 శాతమే, జనం బెదరకుండా. 2018 ఏప్రిల్‌లో 5, 2019లో 8 చేశారు. అందులో మన వైపు 5, కంపెనీది 3. వద్దంటే నెలలోపు చెబితే కట్టింది వెనక్కిస్తారు. కానీ మూడేళ్లకోసారి మళ్లీ చేర్చేస్తారు, మళ్లీ వద్దనాలి.

నాకు ఏడాదికి 24,000. మొదటి 6,240 మీద లెక్కెయ్యరు. నెలకి నా చేతికి తగ్గేది 59 పౌండ్లు, పన్ను రాయితీ, కంపెనీ వాటా కలిపి అకౌంట్లో పడేది 118. ఇది తెలియక మొదటి ఏడాది వద్దన్నాను.

అసలు వద్దన్నదీ నేను కాదు. నేను చేరిన కేర్ హోమ్‌లో మేనేజర్ ఆఫర్ లెటర్‌తో పాటే ఇంకో కాగితం పెట్టి "వీసా వాళ్లంతా దీని మీద సంతకం పెడతారు, చేతికి ఎక్కువొస్తుంది" అన్నాడు. పెట్టేశాను.

నెవార్క్_రవి
అక్కా, అక్కడి చట్టం నాకు లోతుగా తెలియదు గానీ అలా ఒత్తిడి చేయడం కుదరదనే విన్నాను.

లెస్టర్_లక్ష్మి
కుదరదు. తర్వాత తెలిసింది. బయటికి వెళ్లమని యజమాని పురిగొల్పకూడదు. ఆ వద్దనే ఫారం కూడా మామూలుగా పెన్షన్ స్కీమ్ నుంచి మనం తెచ్చుకోవాలి, యజమాని చేతికివ్వడం కాదు. చేర్చాకే దాన్ని ఇవ్వాలి, ఉద్యోగంలో చేరకముందు ఇచ్చిన కాగితం చెల్లదు. తన 3% మిగుల్చుకోవడానికి ఆయన వేసిన ఎత్తు అది. ఇంకో ఉద్యోగానికి మారాక మళ్లీ చేరాను.

రెండు పార్ట్‌టైమ్‌లు చేసే పిల్లలకి ఒక మాట. 10,000 హద్దు ఒక్కో ఉద్యోగానికి విడిగా చూస్తారు. రెండు చోట్లా 9,000 వస్తుంటే ఎవరూ ఆటోమేటిక్‌గా చేర్చరు. కానీ 6,240 దాటితే మీరే అడిగి చేరొచ్చు, అప్పుడు కంపెనీ కూడా కట్టాల్సిందే. నా రూమ్మేట్ మూడేళ్లు అడగలేదు.

తిక్క_శంకరం
లక్ష్మి గారి మేనేజర్ చేసింది తప్పే. కానీ దీనికి మందు నేను చెబుతాను. టిక్ ఎక్కడా పెట్టొద్దు. అవునా, కాదా, ఎంత అని రాస్తే గానీ జాయినింగ్ పూర్తి కానివ్వొద్దు. అప్పుడు నిర్ణయం నిజంగా వాడిదవుతుంది.

నెవార్క్_రవి
అదీ ఒక కంపెనీలో జరిగింది. చేరిన 30 రోజుల్లో అవునో కాదో చెప్పి తీరాలన్నారు. ఏదీ చెప్పకపోతే చేర్చని పద్ధతితో పోలిస్తే చేరినవాళ్లు 28 శాతం పాయింట్లు ఎక్కువ. అందరి అవసరాలూ ఒకేలా లేని చోట అదే మెరుగని నాకూ అనిపిస్తుంది. కాకపోతే ఎంత పెట్టాలో తెలియని కొత్త పిల్లాడు మొదటి రోజు నలభై ఫారాల మధ్య ఏదో ఒకటి నొక్కేస్తాడు. దాన్నీ నిర్ణయం అనాలా?

తిక్క_శంకరం
అనాలి. తప్పు చేసినా వాడి తప్పు వాడిది.

సియాటిల్_సుబ్బు
పేజీ మొత్తం చదివాను, ఎవరూ అప్పు గురించి మాట్లాడరేంటి? నాకు 2019లో 401కెలో ఆటోమేటిక్‌గా పోతుండేది, పొదుపు చేస్తున్నానని సంబరం. ఆ నెలలో తగ్గిన డబ్బు క్రెడిట్ కార్డు మీద గీకేవాణ్ణి, 24% వడ్డీ. ఒక జేబులో వేసి ఇంకో జేబులోంచి తీసినట్టు. ఉద్యోగం మారినప్పుడు కార్డు తీర్చడానికి మొత్తం తీసేశాను. 4,000 డాలర్ల చిల్లర ఉంది. 10% పెనాల్టీ, పైన పన్ను. చేతికి మూడు వేలు కూడా రాలేదు.

నెవార్క్_రవి
సుబ్బు చెప్పిందే ఈ రంగంలో ఇప్పుడు నలుగుతున్న ప్రశ్న. పాత పేపర్లు ప్లాన్ లోపలే చూశాయి. మనిషి కంపెనీ వదిలాక ఏం చేశాడో చూడలేదు. 2024లో ఛోయ్, లైబ్సన్, బెషియర్స్ వాళ్లు, అంటే ఇన్నేళ్లూ ఈ పద్ధతిని సమర్థించిన పరిశోధకులే, మళ్లీ లెక్కేశారు. ఉద్యోగాలు మారడం, మారినప్పుడు డబ్బు తీసేసుకోవడం, ఏటా పెరిగే శాతాన్ని చాలామంది వద్దనడం, ఇవన్నీ కలిపితే దీర్ఘకాలంలో పెరిగే పొదుపు మొదట అనుకున్నదానికంటే బాగా తక్కువని తేల్చారు. సున్నా అని కాదు. 49 నుంచి 86 చూసి ఊహించుకున్నంత లేదు.

మ్యాచ్, అంటే కంపెనీ కలిపే వాటా, వచ్చేదాకా మాత్రం కార్డు అప్పున్నా వేయడమే మేలు. సగం కలపడమంటే డాలర్‌కి యాభై సెంట్లు అక్కడికక్కడే. మ్యాచ్ దాటాక ముందు కార్డు తీర్చు.

పేరోల్_పద్మజ
ఇంక్రిమెంట్ వచ్చినప్పుడే పెంచితే సుబ్బు గారి బాధ ఉండదు కదా? చేతికొచ్చేది తగ్గదు.

నెవార్క్_రవి
సరిగ్గా అదే థేలర్, బెనార్ట్‌జి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. "ఇప్పుడు కాదు, వచ్చే ఇంక్రిమెంట్ నుంచి పెంచుదామా" అని అడిగారు. మొదట ప్రయత్నించిన కంపెనీలో ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో 3.5% నుంచి 13.6%కి వెళ్లింది. కాకపోతే వాళ్లు చేరతామని ఒప్పుకుని చేరినవాళ్లు, ఇది మర్చిపోకూడదు.

కుర్రాడా, హెచ్1బి కాబట్టి నీకు ఇంకోటి ముఖ్యం. పీడీఎఫ్‌లో వెస్టింగ్ అనే పేజీ చూడు. నువ్వు వేసింది ఎప్పుడూ నీదే. కంపెనీ కలిపింది ఎన్నాళ్లకి నీదవుతుందో అక్కడ ఉంటుంది.

ఇర్వింగ్_కుర్రాడు
9వ పేజీ. మూడేళ్లు నిండాలట. రెండేళ్ల పదకొండు నెలలకి వెళ్లిపోతే కంపెనీది సున్నా.

అంటే పైన చెప్పిన 1,350 లెక్క అంతా నేను మూడేళ్లుంటేనా?

నెవార్క్_రవి
అవును. నేను మొదటే అడగాల్సింది. మూడేళ్లు ఉండవనుకుంటే నీకు మిగిలేది పన్ను వాయిదా మాత్రమే. ఇండియా వెళ్లిపోయినా డబ్బు పోదు. అక్కడే ఉంచొచ్చు, కాకపోతే 7,000 డాలర్ల లోపు ఉంటే ప్లాన్ నిన్ను బయటికి పంపించి వేరే అకౌంట్‌కి మార్చొచ్చు. చిరునామా, మెయిల్ అప్‌డేట్ చేసుకోకపోతే వెతుక్కోవడం నరకం.

ఎడిసన్_అత్తయ్య
మా వారిది ఒక పాత కంపెనీ అకౌంట్ 2008 నుంచి వెతుకుతున్నాం. ఆ కంపెనీని ఎవరో కొన్నారు, వాళ్లని ఇంకెవరో కొన్నారు.

తిక్క_శంకరం
చూశారా, వడ్డించింది గుర్తుంది, తిన్నది గుర్తులేదు.

ఇర్వింగ్_కుర్రాడు
అప్‌డేట్. లాగిన్ అయ్యాను. టార్గెట్ డేట్ 2060 ఫండ్‌లో పడింది. నామినీ ఖాళీ, అమ్మ పేరు పెట్టాను. "ఏటా జనవరిలో 1% పెంపు" అనే దగ్గర ముందే టిక్ ఉంది, అది తీసేశాను, చెల్లి పెళ్లి అప్పు తీరేదాకా. 3% అలాగే ఉంచాను. మూడేళ్లు ఉంటానో లేదో వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చాక చూసి 6 చేస్తాను. మాతోపాటు చేరిన ఇంకొకతను విని వెంటనే సున్నా పెట్టి 90 రోజుల్లోపు రీఫండ్‌కి పెట్టాడు. ఎవరు కరెక్టో తెలియదు. మొత్తం పని ఆరు నిమిషాలు పట్టింది, అందులో నాలుగు పాస్‌వర్డ్‌కే.

కాకినాడ_కాజా
ఇంతసేపూ నవ్వాను గానీ, నాది చికాగోలో ఏడేళ్ల సర్వీసు. ఇప్పుడే పేస్లిప్ తీసి చూశాను. 3%. మాకు మ్యాచ్ 5 దాకా ఉందట.

నెవార్క్_రవి
ఇప్పుడే మార్చు. ఆరు నిమిషాలే.

కాకినాడ_కాజా
పాస్‌వర్డ్ రీసెట్ లింక్ పాత ఫోన్ నంబర్‌కి వెళ్తోంది. వచ్చే వారం చూస్తాను.